డి, ఇ, జి: విశాఖ మీదుగా వెళ్లాలంటే ఏ ఆకాశం ఎంచుకోవాలి?

పైలట్ లైసెన్సు కోసం ఎయిర్ రెగ్యులేషన్స్ పరీక్షకు చదువుకునే పిల్లలకు సీతమ్మధారలోని మా ఇంట్లో ఆదివారాలు పాఠం చెబుతుంటాను. ఈ మధ్య ఒక అమ్మాయి పటం మీద స్కేలు పెట్టి తుని నుంచి కళింగపట్నం దాకా పెన్సిలుతో ఒక గీత గీసింది. ఆ గీత విశాఖ విమానాశ్రయానికి అతి దగ్గరగా, దాదాపు నెత్తి మీదుగానే పోయింది. "సార్, ఆకాశానికి ఎ నుంచి జి దాకా తరగతులున్నాయి కదా. క్లాస్ డిలోకి వెళ్లాలంటే కంట్రోలర్ క్లియరెన్స్ కావాలి, క్లాస్ జిలో అక్కర్లేదు. అలాంటప్పుడు డి చుట్టూ తిరిగి జిలోనే పోతే గొడవే ఉండదు కదా?" అని అడిగింది. చాలామందికి వచ్చే సందేహమే ఇది. డి మీదుగా దాటడమా, చుట్టూ తిరగడమా, పైనుంచి పోవడమా అన్నది తేల్చుకోవాలంటే, ఒకచోట అనుమతి ఎందుకు అడుగుతారో, మరోచోట ఎందుకు అడగరో ముందుగా తెలియాలి. అక్షరాలను బట్టీ పట్టినంత మాత్రాన అది తెలియదు.

విమానాలు రెండు రకాల నియమాల కింద ఎగురుతాయి. ఐఎఫ్ఆర్ విమానం పరికరాల ఆధారంగా ఎగురుతుంది కాబట్టి మేఘంలోకి కూడా వెళుతుంది, అక్కడ పైలట్‌కు బయట ఏమీ కనిపించదు. వీఎఫ్ఆర్ విమానం కంటిచూపు ఆధారంగా ఎగురుతుంది, మేఘానికి దూరంగా ఉంటుంది, ఎదురయ్యేదాన్ని చూసి తప్పుకుంటుంది. మేఘంలో ఉన్నవాడు చూసి తప్పుకోలేడు కనుక అతనికీ ఇతరులకూ మధ్య ఎడం ఉండేలా చూసే బాధ్యత కంట్రోలర్‌ది. దీన్నే సెపరేషన్ అంటారు. ఎ నుంచి జి వరకు ఉన్న ఏడు తరగతులూ ఒకే ప్రశ్నకు ఏడు రకాల జవాబులు: ఈ ఆకాశంలో ఎవరిని ఎవరి నుంచి ఎడంగా ఉంచే పూచీ కంట్రోలర్ తీసుకుంటున్నాడు?

ఎ తరగతిలో వీఎఫ్ఆర్ విమానాలకు ప్రవేశమే లేదు. బి తరగతిలో అందరికీ అందరి నుంచీ ఎడం ఉంటుంది. సి తరగతిలో వీఎఫ్ఆర్ విమానాన్ని ఐఎఫ్ఆర్ విమానాల నుంచి ఎడంగా ఉంచుతారు, తోటి వీఎఫ్ఆర్ విమానాల సంగతి మాత్రం సమాచారంగా చెబుతారు. డి తరగతిలో ఐఎఫ్ఆర్ విమానాల మధ్య మాత్రమే ఎడం ఉంటుంది, వీఎఫ్ఆర్ విమానానికి దక్కేది సమాచారమే. ఇ తరగతి కూడా కంట్రోల్డ్ ఎయిర్‌స్పేసే, అయినా అక్కడ వీఎఫ్ఆర్ విమానం ఎవరినీ అడగకుండా, రేడియో కూడా లేకుండా ఎగరవచ్చు. ఎఫ్ తరగతి సలహా సేవకు పరిమితం, దాని గురించి ఇక్కడ ఇంతకంటే చెప్పనక్కర్లేదు. జి తరగతిలో కంట్రోల్ లేదు, అడిగితే సమాచారం ఇస్తారు. మన దేశంలో విమానాశ్రయాల చుట్టూ ఉండే కంట్రోల్ జోన్లు, టెర్మినల్ ప్రాంతాలు చాలావరకు డి తరగతిలో ఉంటాయి. వాటి బయట కంట్రోల్ సేవ ఉన్న వాయుమార్గాలు ఇ తరగతి, ఏ సేవా ప్రత్యేకంగా లేని మిగతా ఆకాశం జి. విశాఖ నుంచి బయలుదేరేవారికి ఎదురయ్యే ఎంపిక కూడా ఎక్కువగా డి, ఇ, జిల మధ్యనే.

అనుమతి అవసరం ఎక్కడి నుంచి పుడుతుందో ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. సి తరగతిలో ఎయిర్‌బస్‌ను చిన్న సెస్నా నుంచి ఎడంగా ఉంచుతానని కంట్రోలర్ మాట ఇచ్చాడంటే, ఆ సెస్నా ఎక్కడుందో, ఎటు పోతుందో, ఎంత ఎత్తులో ఉందో అతనికి తెలియాలి, అవసరమైతే ఆపే అధికారం కూడా ఉండాలి. క్లియరెన్స్ అంటే ఆ అధికారమే. ఇ తరగతిలో అలాంటి మాట ఎవరూ ఇవ్వలేదు. అక్కడ ఒక ఐఎఫ్ఆర్ విమానాన్ని మరో ఐఎఫ్ఆర్ విమానం నుంచి ఎడంగా ఉంచుతారు. వీఎఫ్ఆర్ విమానాన్ని తప్పించుకునే పని, వాతావరణం బాగున్నప్పుడు, ఇద్దరు పైలట్ల కళ్లదే. ఇవ్వని హామీకి అనుమతి అడగనక్కర్లేదు కదా.

మరి డి సంగతేమిటి? అక్కడ వీఎఫ్ఆర్ విమానానికి ఎడం పూచీ లేదు గాని అనుమతి మాత్రం కావాలి. నా దృష్టిలో పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. క్లియరెన్స్ వచ్చింది కాబట్టి ఇక కంట్రోలర్ చూసుకుంటాడని అనుకుంటారు. డిలో కంట్రోలర్ చేసేది రాకపోకలను క్రమంలో పెట్టడం. రన్‌వేకి ఎవరు ముందు, ఎవరు వెనుక, ఎవరు ఏ వైపు నుంచి రావాలి అన్నది నిర్ణయించాలంటే లోపల ఉన్న ప్రతివాడూ అతనితో మాట్లాడుతూ ఉండాలి. అందుకే అనుమతి, అందుకే రేడియో. ఢీకొనకుండా చూసుకునే చివరి బాధ్యత మాత్రం మీ కళ్లదే. అతను "ట్రాఫిక్, ఎయిర్‌బస్ 320, 8 మైళ్ల ఫైనల్‌లో ఉంది, కనిపిస్తే చెప్పండి" అన్నాడంటే, మిమ్మల్ని కాపాడుతున్నానని కాదు, చూసి తప్పుకొమ్మని చెప్పినట్టు. ఫైనల్ అంటే రన్‌వేకి తిన్నగా దిగివచ్చే చివరి దారి. కనిపించకపోతే "కనిపించలేదు" అని వెంటనే చెప్పాలి. మొహమాటానికి పోయి "రోజర్" అనేసి ఊరుకున్నవాళ్లను నేను చూశాను. రోజర్ అంటే మీ మాట పూర్తిగా అందిందని మాత్రమే అర్థం, విమానం కనిపించిందని కాదు.

అనుమతి లేనిచోట నియమాలు ఎందుకంత కఠినంగా ఉంటాయి

సంప్రదించకుండా ఎగరడానికి అనుమతించే తరగతుల్లో కంట్రోలర్ స్థానాన్ని వాతావరణ పరిమితులు భర్తీ చేస్తాయి. అంతర్జాతీయ నియమాల ప్రకారం 10,000 అడుగుల లోపు ఇ తరగతిలో వీఎఫ్ఆర్‌గా ఎగరాలంటే కనీసం 5 కిలోమీటర్ల దూరం కనిపించాలి, మేఘం పక్కకు 1,500 మీటర్లు, పైకీ కిందికీ 300 మీటర్ల దూరంలో ఉండాలి. డిలోనూ ఇవే పరిమితులు. ఆ 10,000 అడుగుల లోపు డి, ఇ, ఎఫ్, జి తరగతుల్లో 250 నాట్లకు, అంటే గంటకు 250 నాటికల్ మైళ్లకు, మించి పోకూడదన్న వేగపరిమితి కూడా ఉంది. ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో ఒకసారి లెక్కవేసి చూస్తే ఇక మరిచిపోరు.

ఎదురెదురుగా 250 నాట్ల ఎయిర్‌బస్, 100 నాట్ల సెస్నా వస్తున్నాయనుకుందాం. రెండూ కలిసి 350 నాట్లు, అంటే క్షణానికి దాదాపు 180 మీటర్లు. 5 కిలోమీటర్ల దూరం కరిగిపోవడానికి 28 సెకన్లు పడుతుంది. ఎదుటి విమానాన్ని చూడడం, అది విమానమేనని గుర్తించడం, ఢీకొనే దారిలో ఉందని గ్రహించడం, ఎటు తిప్పాలో నిర్ణయించడం, చెయ్యి కదలడం, విమానం స్పందించడం, వీటన్నిటికీ కలిపి 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ సలహా పత్రం లెక్క. అంటే ఆ వేగంలో 2.2 కిలోమీటర్లకు పైగా దూరం కేవలం తేరుకోవడంలోనే పోతుంది. ఎదురుగా వచ్చే విమానం గాజు మీద కదలని చుక్కలా ఉంటుంది. కదలనిదాన్ని కన్ను త్వరగా పట్టుకోలేదు. 28 సెకన్లు కాగితం మీద చాలా ఎక్కువ, అద్దం వెనుక చాలా తక్కువ.

మేఘానికి 1,500 మీటర్ల దూరం అన్నది కూడా ఇలాంటిదే. ఇ తరగతిలో ఐఎఫ్ఆర్ విమానం మేఘం గోడలోంచి ఒక్కసారిగా బయటపడుతుంది. 250 నాట్లంటే క్షణానికి 129 మీటర్లు. మీరు మేఘానికి 1,500 మీటర్ల దూరంలో ఉంటే మీకూ దానికీ మధ్య సుమారు 12 సెకన్లు. ఇది పైన చెప్పిన 12.5కు దగ్గరగా ఉండడం చూడండి. మేఘం అంచును తాకుతూ ఎగరడం అందంగా ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి, కాని ఆ అందం కోసం మీరు ఖర్చుపెట్టేది ఈ 12 సెకన్లనే.

ఇక జి తరగతిలో, సముద్ర మట్టానికి 3,000 అడుగులు లేదా నేలకు 1,000 అడుగులు, ఏది ఎక్కువైతే దాని లోపు, మేఘాన్ని తాకకుండా నేల కనిపిస్తూ ఉంటే చాలు. అంత దిగువన కంట్రోల్ లేని ఆకాశంలో మేఘంలోంచి జెట్ విమానం ఊడిపడే అవకాశం తక్కువ కనుకనే ఆ సడలింపు. మరో చివరన అమెరికాలో క్లాస్ బి ఉంది. అక్కడ కూడా మేఘాన్ని తాకకపోతే చాలు. కారణం మాత్రం పూర్తిగా వేరు. అక్కడ అందరినీ కంట్రోలరే ఎడంగా ఉంచుతాడు, కాబట్టి కంటికి పని తక్కువ. ఒకే సడలింపు రెండు విరుద్ధ కారణాలకు ఇచ్చారన్నది గమనిస్తే, తరగతులను "కఠినం, మధ్యస్థం, సులువు" అని వరుసలో పెట్టడం తప్పని అర్థమవుతుంది.

తుని, కళింగపట్నం గీతకు మళ్లీ వద్దాం

విశాఖ విమానాశ్రయం నౌకాదళ స్థావరమైన ఐఎన్ఎస్ డేగాలో భాగం. మన ఇండిగో, ఎయిర్ ఇండియా విమానాలు దిగే రన్‌వే మీద రాకపోకలను నడిపించేది నౌకాదళ కంట్రోలర్లే. రన్‌వే 10/28, పొడవు 3,050 మీటర్లు. లెక్క కోసం దాని చుట్టూ 10 నాటికల్ మైళ్ల వ్యాసార్ధంతో డి తరగతి వలయం ఉందని అనుకుందాం. ఇది నేను ఎంచుకున్న గుండ్రటి అంకె. అసలు హద్దులు, ఎత్తులు, వాటి పక్కన ఉండే నిషిద్ధ, నియంత్రిత ప్రాంతాలు ఏఐపీ అనే అధికారిక సమాచార సంపుటంలోనూ తాజా పటంలోనూ చూసుకోవాలి. నిషిద్ధ ప్రాంతానికి ఏ అక్షరమూ వర్తించదు, చుట్టూ ఉన్నది జి అయినా సరే.

వలయానికి ఇటు 20 మైళ్ల దగ్గర మొదలుపెట్టి, కేంద్రం మీదుగా అటు 20 మైళ్ల దాకా తిన్నగా పోతే 40 మైళ్లు. 2 మైళ్ల జాగా వదిలి, 12 మైళ్ల దూరంలో చుట్టి పోతే స్పర్శరేఖ 16, చాపం 15.4, మళ్లీ స్పర్శరేఖ 16, మొత్తం 47.4 మైళ్లు. తేడా 7.4 మైళ్లు. 100 నాట్ల సెస్నాకు నాలుగున్నర నిమిషాలు, గంటకు 32 లీటర్లు తాగే ఇంజిన్‌కు రెండున్నర లీటర్ల లోపు పెట్రోలు. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. "చూశారా సార్, ఇంతేగా!"

సమయం విషయంలో ఆమె లెక్క సరైనదే. కాని ఆ వంపు కింద ఏముందో చూడాలి. సముద్రం వైపు చుట్టి వస్తే, తీరం విమానాశ్రయానికి తూర్పున సుమారు 5 మైళ్ల దూరంలో ఉంటుంది, మీరు 12 మైళ్ల దగ్గర ఉంటారు, అంటే ఒడ్డుకు 7 మైళ్లు లోపలికి. సెస్నా 172 ఇంజిన్ ఆగిపోతే ప్రతి 1,000 అడుగుల ఎత్తుకు ఒకటిన్నర మైళ్లు జారుకుంటూ రాగలదు. 3,000 అడుగుల నుంచి నాలుగున్నర మైళ్లు. ఒడ్డు చేరాలంటే 7 కావాలి. లైఫ్ జాకెట్లు, ఎదురుగాలి సంగతి పక్కన పెట్టినా దారి మధ్యలో నీళ్లలోనే ఉంటారు. భూమి వైపు చుట్టితే దారి కొత్తవలస చుట్టుపక్కల నుంచి పోతుంది. అక్కడ పొలాలున్నాయి, దిగవచ్చు, కాని మధ్యమధ్యలో కొండలున్నాయి, మబ్బు పట్టిన ఉదయాల్లో ఆ కొండల తలలు కనపడవు. పైగా జి తరగతిలో మీ పక్కన ఎవరున్నారో చెప్పేవాడు ఉండకపోవచ్చు.

డి మీదుగా దాటే దారిలో నాలుగున్నర నిమిషాలు మిగలడం చిన్న లాభం. తీరాన్ని ఆనుకుని పోవచ్చు, ఇంజిన్ ఆగితే బీచ్ అందుతుంది, ఆ చుట్టుపక్కల ఎగురుతున్న ప్రతివాడూ ఒకే ఫ్రీక్వెన్సీలో వినిపిస్తాడు. ఇంజిన్ ఒక్కటే ఉన్న విమానంలో తీరం వెంట పోయేటప్పుడు నేను డినే ఎంచుకుంటాను. అనుమతి రాకపోతే భూమి వైపు చుట్టడం నా రెండో ఎంపిక, సముద్రం వైపు చివరిది.

పైనుంచి పోవడం అన్న మూడో దారి గురించి కూడా ఒకమాట. అమెరికాలో క్లాస్ డి సాధారణంగా నేలకు 2,500 అడుగుల దాకా ఉంటుంది, 3,000 అడుగుల్లో పోతే చాలాచోట్ల మీరు క్లాస్ ఇలో ఉంటారు, ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. ఇక్కడ కంట్రోల్ జోన్ మీద టెర్మినల్ ప్రాంతమో కంట్రోల్ ఏరియానో కప్పు వేసినట్టు ఉంటే పైకి ఎక్కినా మళ్లీ డిలోనే తేలతారు. పటంలో ఒక గది పైకప్పు మీద ఇంకో గది ఉందో లేదో చూడకుండా పైకి ఎక్కకండి.

మబ్బు దిగిన రోజు

ఒక ఉదయం ఇలాంటి వాతావరణ నివేదిక వచ్చిందనుకుందాం. పాఠం కోసం నేను రాసినదే ఇది.

```
VOVZ 050330Z 07006KT 5000 HZ BKN020 28/24 Q1011
```

అంటే చూపు సరిగ్గా 5 కిలోమీటర్లు, మసక, 2,000 అడుగుల దగ్గర ఆకాశంలో సగానికి పైగా మబ్బు. కంట్రోల్ జోన్‌లోని విమానాశ్రయం నుంచి వీఎఫ్ఆర్ విమానం లేవడానికీ దిగడానికీ మబ్బు కప్పు 1,500 అడుగులకు తగ్గకూడదు, చూపు 5 కిలోమీటర్లకు తగ్గకూడదు. రెండూ ఉన్నాయి. కాబట్టి "వీఎఫ్ఆర్ నడుస్తోంది" అని పిల్లలు వెంటనే అంటారు.

అయితే డిలో మబ్బుకు 1,000 అడుగుల కింద ఉండాలి కనుక మీరు 1,000 అడుగులు దాటకూడదు. ఊరి మీద ఎగిరేటప్పుడు చుట్టూ 600 మీటర్లలో ఉన్న అతి ఎత్తైన అడ్డంకి కంటే 1,000 అడుగులు పైన ఉండాలన్నది మరో నియమం. భవనాలు, కొండలు, చిమ్నీలు ఉన్న ఈ ఊరి మీద ఈ రెండూ ఒకేసారి సాధ్యం కావు. పై నియమం కిందికి నొక్కుతుంది, కింది నియమం పైకి నెడుతుంది, మధ్యలో ఎత్తు మిగలదు. నీళ్ల మీద అయితే 500 అడుగులు చాలు, కాబట్టి తీరానికి మైలు లోపు, సముద్రం మీద, 1,000 అడుగుల్లో పోవడం ఒక్కటే కుదిరే దారి. 1,000 అడుగుల నుంచి ఒకటిన్నర మైలు జారగలరు, ఒడ్డు అందుతుంది.

ఇక్కడే అనుమతి విలువ కళ్లకు కడుతుంది. రన్‌వే 28 మీద దిగే విమానం తూర్పు నుంచి, సముద్రం మీదుగా వస్తుంది. 3 డిగ్రీల వాలులో మైలుకు దాదాపు 320 అడుగులు దిగుతుంది కాబట్టి రన్‌వే అంచుకు దాదాపు 5 మైళ్ల దూరంలో, అంటే తీరం దాటే చోట, దాని ఎత్తు సుమారు 1,600 అడుగులు. మీరు అదే చోట 1,000 అడుగుల్లో అడ్డంగా దాటుతున్నారు. మధ్య ఎడం 600 అడుగులు. ఢీకొనకపోయినా, పెద్ద విమానం రెక్కల చివర్ల నుంచి లేచే సుడిగాలి దాని కిందికే దిగుతుంది. చిన్న విమానానికి అంతకంటే చెడ్డ చోటు ఉండదు. ఎవరితోనూ మాట్లాడకుండా ఆ దారిన పోయేవాడికి ఈ సంగతి తెలియదు. కంట్రోలర్‌కు తెలుసు.

అందుకే నేను చెప్పే పద్ధతి ఇది. జోన్ హద్దుకు కనీసం ఐదారు నిమిషాల ముందే పిలవండి. మీరు ఎవరు, ఎక్కడ, ఎంత ఎత్తులో, ఏం కావాలి అన్నది ఒక్క ఊపిరిలో చెప్పండి: తీరం వెంట, 1,000 అడుగుల్లో, దక్షిణం నుంచి ఉత్తరానికి దాటుతాను, వీఎఫ్ఆర్. ఫైనల్‌లో ఎవరైనా ఉంటే బయటే ఆగమంటాడు. అలా ఆగడానికి నేల మీద స్పష్టంగా కనిపించే ఒక గుర్తును ముందే ఎంచుకుని, అక్కడ చక్కర్లు కొట్టడానికి పదిహేను నిమిషాల పెట్రోలు అదనంగా లెక్కలో పెట్టుకోండి. ఎయిర్‌బస్ దాటిపోయాక వెంటనే దూకకుండా మూడు నిమిషాలు ఆగి, దాని దారిని వెనుక నుంచి దాటండి. అనుమతిని తిరిగి చదివి వినిపించేటప్పుడు ఎత్తూ దారీ రెండూ చెప్పండి. తప్పుగా విన్నది అక్కడే బయటపడుతుంది.

చూపు 5 కిలోమీటర్లకు తగ్గిపోతే మామూలు వీఎఫ్ఆర్ దారి మూసుకుపోతుంది. అప్పుడు స్పెషల్ వీఎఫ్ఆర్ అడగవచ్చు, నేల మీద చూపు 1,500 మీటర్లు ఉంటే చాలు. కాని దాన్ని ఐఎఫ్ఆర్ విమానాల నుంచి ఎడంగా ఉంచాల్సి వస్తుంది, కాబట్టి వచ్చేపోయే విమానాలు తీరేదాకా మిమ్మల్ని ఆపుతారు. చలికాలం ఉదయాల్లో మసక ఉన్నప్పుడు అడగదగినదే గాని, దాని మీదే పథకం కట్టుకోవద్దు.

"స్టాండ్‌బై" అంటే లోపలికి రమ్మనా?

మన పిల్లల్లో చాలామంది శిక్షణకు అమెరికా వెళతారు, నేనూ అలా వెళ్లినవాడినే. అక్కడి నుంచి తిరిగివచ్చాక ఇబ్బంది పెట్టే ఒక తేడా ఉంది. అంతర్జాతీయ నియమంలో సి, డి రెండింటికీ క్లియరెన్స్ కావాలి. అమెరికాలో క్లాస్ బికి మాత్రమే "క్లియర్డ్" అన్న మాట వినిపించాలి, సి, డిలకు రెండు వైపులా మాట కలిస్తే చాలు. మాట కలిసిందనడానికి గుర్తు, కంట్రోలర్ మీ కాల్‌సైన్, అంటే రేడియోలో మీ విమానం పేరు, పలకడం. కాల్‌సైన్ చెప్పి "స్టాండ్‌బై" అన్నా సరే, లోపలికి వెళ్లవచ్చు. కాల్‌సైన్ లేకుండా "పిలుస్తున్న విమానం, స్టాండ్‌బై" అంటే బయటే ఉండాలి.

నా మొదటి ఒంటరి దూర ప్రయాణంలో ఒక చిన్న ఊరి టవర్‌ను పిలిచాను. రద్దీగా ఉంది. "పిలుస్తున్న విమానం, స్టాండ్‌బై" అని వినిపించింది. నాలుగు మైళ్లే మిగిలాయి, జవాబైతే వచ్చింది కదా అనుకుని అలాగే సాగిపోయాను. దిగాక ఒక ఫోన్ నంబరు రాసుకోమన్నారు. అటువైపు పెద్దాయన కోప్పడలేదు, "నీ పేరు నేను పలికానా?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్న ఇప్పటికీ చెవుల్లో ఉంది. అమెరికా అలవాటుతో ఇక్కడ "స్టాండ్‌బై" వినగానే లోపలికి పోతే, మీ పేరు పలికినా సరే, తప్పే. ఇక్కడ ప్రవేశానికి అనుమతి అన్న మాటే రావాలి.

క్లాస్ ఇ, క్లాస్ జిల మధ్య

డి వద్దనుకుని, లేదా డి దారిలో లేక, ఇ, జిల మధ్య ఎంచుకోవలసి వచ్చినప్పుడు వీఎఫ్ఆర్ పైలట్‌కు రెండింటిలోనూ అనుమతి అక్కర్లేదు. తేడా పక్కన ఎవరుంటారన్నదే. ఇ తరగతి వాయుమార్గంలో ఐఎఫ్ఆర్ విమానాలు వేగంగా, ఎత్తు మారుతూ పోతుంటాయి. వాటిని నడిపే కంట్రోలర్‌కు, రాడార్‌కు మీ ఉనికి తెలిపే ట్రాన్స్‌పాండర్ పెట్టకపోతే, మీరున్నట్టే తెలియకపోవచ్చు. నియమం రేడియో అడగలేదు కదా అని మౌనంగా పోవడం నాకు నచ్చదు. ట్రాన్స్‌పాండర్ వేసి, ఆ మార్గం ఫ్రీక్వెన్సీలో ఒకసారి ఉనికి చెప్పి, వింటూ పోవడం మేలు. వాయుమార్గాన్ని దాటేటప్పుడు దాని వెంట పోకుండా అడ్డంగా దాటితే అందులో గడిపే సమయం తగ్గుతుంది.

జిలో తక్కువ ఎత్తున, మేఘాన్ని తాకకుండా పోవచ్చన్న సడలింపును నేను మైదానంలోనే వాడతాను, కొండల్లో కాదు. మబ్బు కింద కిందికి కిందికి దిగుతూ పోయే పైలట్‌కు నియమం అడ్డు రాదు, కొండే అడ్డు వస్తుంది.

మన దేశంలో జి అంటే ఎవరికీ చెప్పకుండా ఎగరడం అని కూడా అనుకోవద్దు. తరగతిని బట్టి వచ్చే కంట్రోల్ క్లియరెన్స్ వేరు, వైమానిక దళం ఇచ్చే ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ వేరు. ఫ్లైట్ ప్లాన్ ఇవ్వడం, ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ నుంచి ఎఫ్ఐసీ నంబరు, దానితోపాటు ఏడీసీ నంబరు తీసుకోవడం ప్రయాణానికి ముందు జరగవలసిన పనులు. జిలో టవర్‌ను పిలవనక్కర్లేదు అన్నది నిజమే, నంబరు లేకుండా బయలుదేరవచ్చు అన్నది నిజం కాదు. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న తీరంలో గుర్తు తెలియని చుక్కగా రాడార్ మీద కనిపించడం ఎవరికీ మంచిది కాదు. వీఎఫ్ఆర్ విమానాలు 15,000 అడుగుల స్థాయిని దాటకూడదు, కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్‌లో తీరం నుంచి 100 నాటికల్ మైళ్లకు మించి సముద్రంలోకి పోకూడదు అన్న పరిమితులూ ఇక్కడ ఉన్నాయి.

రేడియో పాడైతే ఎలా అన్నది చివరగా అడిగింది ఆ అమ్మాయి. డిలోకి వెళ్లకముందే పాడైతే డి దారి లేనట్టే, చుట్టి వెళ్లే దారి అప్పటికే పటం మీద గీసి ఉండాలి. లోపలికి వెళ్లాక పాడైతే ట్రాన్స్‌పాండర్‌లో రేడియో పాడైందని చెప్పే 7600 కోడ్ పెట్టి, చూపు బాగున్న వాతావరణంలోనే ఉంటూ, దగ్గర్లో అనువైన విమానాశ్రయంలో దిగి, దిగినట్టు కబురు చెప్పాలి. ఆమె పెన్సిలు తీసుకుని మొదటి గీత పక్కన ఇంకో గీత గీసింది, కొత్తవలస మీదుగా. దాని పక్కన ఎత్తు, ఆగవలసిన గుర్తు, అదనపు పెట్రోలు రాసుకుంది.